వర్గాల మొత్తం సున్నా అయితే

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. కోపం కన్నా తొందర ఎక్కువ. అన్నం ఉడికిందో లేదో చూడకుండానే గంజి వార్చే రకం అని మా అమ్మ అనేది. ఆ తొందరే నన్ను బి.ఎస్సీ. ఆఖరి ఏడాది లెక్కల పేపర్లో ముంచింది. మిగతావన్నీ పాసయ్యాను. ఆ ఒక్కటే పోయింది. హైదరాబాదు హాస్టల్లో పెట్టె సర్దుకుని జహీరాబాదు బస్సెక్కినప్పుడు నేను ఏడవలేదు. పక్క సీటావిడ పిల్లాడు నా కాలు తొక్కితే మాత్రం వాణ్ణి కసిరి పారేశాను.

అరవైల నడుమ సంగతి ఇది. ఆ జూన్‌లో మా ఊరి ఆడపిల్లల హైస్కూలుకు లెక్కల టీచరు దొరకలేదు. హెడ్మిస్ట్రెస్ మా నాన్నతో మాట్లాడి నన్ను తాత్కాలికంగా తీసుకుంది. తీసుకుంటూ మొహమాటం లేకుండా చెప్పింది. "సెప్టెంబర్ పరీక్ష రాయి. రిజల్ట్ వచ్చేదాంక నిన్ను ఉంచుత. పాసైతే నీ కుర్సీ నీదే. తప్పితె మాత్రం నన్ను అడగకు."

మొదటిరోజు తొమ్మిదో తరగతిలోకి వెళ్లి చాక్‌పీసు పట్టుకున్నాను. నలభై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. ఒక్క పీరియడ్ అయ్యేసరికి ఆ ఉద్యోగం నాకు కావాలని తెలిసిపోయింది. అంతకుముందు ఏదీ అంతగా కావాలనిపించలేదు. ఆ రోజు నుంచీ కుదురుగా కూర్చుంటే ఒట్టు. తింటూ లేచేదాన్ని, నడుస్తూ పుస్తకం తెరిచేదాన్ని, తెరిచి రెండు లైన్లు చదివి మూసేదాన్ని.

నన్ను ముంచినవి కాంప్లెక్స్ నంబర్లు, తెలుగులో సంకీర్ణ సంఖ్యలు అంటారు. మైనస్ ఒకటికి వర్గమూలం 'ఐ' అనుకుని, ఒక్కో సంఖ్యనూ కాగితం మీద ఒక్కో బిందువుగా చూడడం. అలా చూస్తే బొమ్మ గీయకుండానే, కేవలం కూడికలూ గుణకారాలతో ఫలానా త్రిభుజం సమబాహు త్రిభుజమనో, ఫలానా నాలుగు బిందువులు ఒకే వృత్తం మీద ఉన్నాయనో రుజువు చేయొచ్చు. నాకు సూత్రాలన్నీ నోటికి వచ్చు. వాటి కడుపులో ఏముందో మాత్రం తెలియదు.

మా నాన్న సర్కారు దవాఖానలో కాంపౌండరు. ఊళ్లో అందరి నాడీ తెలిసిన మనిషి. "మగపిలగాళ్ల హైస్కూల్ల లెక్కల సార్ ఉన్నడు గదా, ఆయన దగ్గరికి పోదాం పా" అన్నాడు. నేను మూతి ముడుచుకున్నాను. ఆ సార్ యాభై దాటిన మనిషి. చదువంతా ఉర్దూ మీడియంలో సాగింది. బడి తెలుగులోకి మారాక, సగం తెలుగు సగం ఉర్దూ కలిపి నెట్టుకొస్తున్నాడని ఊళ్లో నవ్వుకునేవారు. నా ఇంగ్లీషు పుస్తకం ఆయనకేం అర్థమవుతుందని నా పొగరు.

బజారు వెనక సందులో ఆయన ఇల్లు. వరండాలో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. పాత నల్ల షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, నా పుస్తకం తీసుకుని, చాలాసేపు ఒకే పేజీ చూశాడు.

"బిడ్డా, అబద్ధమెందుకు. గివన్ని నేను చదివి ముప్పై ఏండ్లయింది. గదిగూడ ఉర్దూల. శానా మర్చిపోయిన. ఇద్దరం కలిసి చదువుదమంటె రా. నేను నీకు చెప్తనంటె మాత్రం రాకు."

మా నాన్న "గంతే చాలు సాబ్" అన్నాడు. నాకు చాలలేదు. అయినా వేరే దిక్కు లేదు.

రోజూ పొద్దున ఆరింటికి వెళ్లి ఏడున్నర దాకా కూర్చునేదాన్ని. ఆయన బల్ల వాడేవాడు కాదు. బండల మీదే చాక్‌పీసుతో రెండు గీతలు అడ్డంగా నిలువుగా గీసి, చింతగింజలు తెచ్చి బిందువుల్లా పెట్టించేవాడు. "ఇది ఒకటి. ఐతోని గుణించు. ఏడికి పోయింది? జరిపి చూపియ్యి." నేను చింతగింజను కుడివైపు నుంచి పైకి, పావు చుట్టు తిప్పి పెట్టాలి. ఇరవై ఏళ్ల దాన్ని, నలభై మందికి పాఠం చెప్పేదాన్ని, నేల మీద గింజలు జరుపుతున్నాను! అరికాలి మంట నెత్తికెక్కేది. లోపలి నుంచి చాచీ, అంటే ఆయన భార్య, చాయ్ గ్లాసు పట్టుకొచ్చి నా మొహం చూసి నవ్వేది. "జర ఠండా అయ్యి తాగు బిడ్డా. చాయ్‌గాదు, నువ్వు."

రెండో వారంలో నాలుగు బిందువుల లెక్క వచ్చింది. సూత్రం నాకు నోటికి వచ్చు కదా, గబగబా పలక మీద రాసేశాను. మొదటి బిందువులోంచి మూడోది తీసెయ్, రెండోదాంట్లోంచి నాలుగోది తీసెయ్, ఆ రెంటినీ గుణించు. కింద, మొదటిదాంట్లోంచి నాలుగోది, రెండోదాంట్లోంచి మూడోది తీసి గుణించు. పైదాన్ని కిందిదానితో భాగిస్తే వచ్చేది 'ఐ' లేని మామూలు సంఖ్యయితే నాలుగూ ఒకే వృత్తం మీద ఉన్నట్టే. రాసి, పలక ఆయన ముందు టక్కున పెట్టాను.

ఆయన నాలుగు చింతగింజలు తీసి అడ్డగీత మీద వరసగా పెట్టాడు. సున్నా, ఒకటి, రెండు, మూడు.

"వీటికి చేయి."

చేశాను. పైన మైనస్ రెండును మైనస్ రెండుతో గుణిస్తే నాలుగు. కింద మైనస్ మూడును మైనస్ ఒకటితో గుణిస్తే మూడు. నాలుగు బై మూడు. ఎక్కడా 'ఐ' లేదు.

"మామూలు సంఖ్యనే వచ్చింది. మరి గీ నాలుగిట్ల మీదికెల్లి దాయిరా గీసి సూపియ్యి" అన్నాడు. దాయిరా అంటే వృత్తం.

 నాలుగు గింజలూ తాడు గుంజినట్టు ఒకే సరళరేఖ మీద ఉన్నాయి. వాటి మీదుగా వృత్తం ఎవరు గీస్తారు, నా తాత గీస్తాడా! మామూలు సంఖ్య వస్తే బిందువులు వృత్తం మీదయినా ఉండాలి, సరళరేఖ మీదయినా ఉండాలి. రేఖ మీద లేవని వేరుగా చెప్పాలి. నా పుస్తకంలో ఆ మాట ఉంది. చిన్న అక్షరాల్లో, కింద. నేను చదవలేదు. మార్చిలో కూడా నేను ఇలాగే వదిలేసి వచ్చి ఉంటాను.

ఆయన అక్కడితో ఆగలేదు. ఆ భాగహారం అసలు కోణాలను సరిచూడడమేనని గింజలతో చూపించాడు. మూడో గింజ దగ్గర నిలబడి మొదటి రెండు గింజలను చూస్తే ఒక కోణం, నాలుగో గింజ దగ్గర నిలబడి చూస్తే ఇంకో కోణం. నాలుగూ ఒకే వృత్తం మీదుంటే, మూడో నాలుగో గింజలు ఒకే పక్కనున్నప్పుడు ఆ కోణాలు సమానం, చెరో పక్కనుంటే కలిపి నూట ఎనభై. "గిది నువ్వు తొమ్మిదో తరగతికి చెప్పేదే గదా!" అన్నాడు. నిజమే. ఒకే వృత్తఖండంలో కోణాలు సమానమని ముందురోజే బోర్డు మీద రాసి వచ్చాను. ఆ రోజు నాకు సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. దారంతా పరుగులాంటి నడకతో బడికి పోయాను.

ఇక పరీక్ష మూడు వారాలుందనగా సమబాహు త్రిభుజం లెక్క వచ్చింది. ఏ, బీ, సీ అనే మూడు వేర్వేరు సంకీర్ణ సంఖ్యల వర్గాల మొత్తం, రెండేసి లబ్ధాల మొత్తానికి సమానమైతే, ఆ మూడు బిందువులు సమబాహు త్రిభుజం అవుతాయని రుజువు చేయాలి.

సార్ దాన్ని చూసి నవ్వాడు. "గిది తప్పు అచ్చేసిన్రు బిడ్డా." పలక తీసుకుని చకచకా రాశాడు. రెండుతో గుణించు, అటువి ఇటు తెచ్చుకో. ఏ మైనస్ బీ వర్గం, బీ మైనస్ సీ వర్గం, సీ మైనస్ ఏ వర్గం, మూడూ కలిపితే సున్నా. "వర్గాల మొత్తం సున్నా అయితే ఏందన్నట్టు? ఒక్కోటి సున్నా. అంటె ఏ, బీ, సీ మూడూ ఒక్కటే. ముసల్లస్, అదే త్రిభుజం, ఏడుంది ఇందుల? ఉన్నది ఒక్క చుక్క."

ముప్పై ఏళ్లుగా తొమ్మిదో తరగతికి ఆయన చెప్పిన పాఠం అది. నేనూ ఆ వారమే అదే చెప్పాను. ఆయన చేయి ఎక్కడా ఆగలేదు. నేను కూడా మొదట తలూపాను. ఊపాక మళ్లీ పుస్తకం వైపు చూశాను. పుస్తకం తప్పయితే ఈ లెక్క ప్రతి ఏడూ పరీక్షలో ఎందుకిస్తారు? ఇంకో మూడు వారాలే ఉంది. ఈయన మాట పట్టుకుని అక్కడ "పుస్తకం తప్పు" అని రాసి వస్తే నా కుర్చీ ఏమవుతుంది?

"సార్, ఒకటి వర్గం ఎంత?" అన్నాను.

"ఒకటి."

"ఐ వర్గం?"

"మైనస్ ఒకటి."

"రెండూ కలిపితే సున్నా. మరి ఏది సున్నా సార్? ఒకటి సున్నానా? ఐ సున్నానా?" అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగే మనిషినా! "ముప్పై ఏండ్ల సంది గిదే చెప్తున్నరా సార్? గిట్లయితె నేను మునుగుత! మీకేం, నా నౌకరి పోతది!"

గట్టిగానే అరిచాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చాచీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన పలక వంక చూస్తున్నాడు. చాక్‌పీసు పట్టిన చేయి అలాగే ఉంది. ఆ తర్వాత పలకను నెమ్మదిగా గోడకు ఆనించి, "ఇయ్యాల్టికి చాలు బిడ్డా" అన్నాడు. షేర్వానీ వేసుకుని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఛీ, నా నోరు పడిపోను. చెప్పింది నిజమే, ఎవరికైనా అదే చెప్పాలి. కానీ అలా చెప్పాలా? ఆయన భార్య వినేలాగా?

మర్నాడు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఇంట్లో కూర్చుని ఆ లెక్క పట్టుకుంటే ముందుకు సాగేది కాదు. పుస్తకం కరెక్టేనని తెలుసు, ఎందుకు కరెక్టో తెలియదు. బయట లారీలు పోతుంటే కిటికీ తెరిచేదాన్ని, ఎర్రమట్టి దుమ్ము వస్తోందని మళ్లీ మూసేదాన్ని. నాన్న "ఏమైంది బిడ్డా, సార్‌కు జరమొచ్చిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి నీకొచ్చిందా?" అన్నాడు. నేను లేచి పెరట్లోకి పోయాను.

నాలుగోరోజు ఉండబట్టలేక వెళ్లాను. వరండా ఖాళీ. చాచీ "ఇయ్యాల జల్దిగ స్కూల్‌కు పోయిండు" అంది. ఆమె కళ్లలో కోపం లేదు. అదే నన్ను ఇంకా కోసింది. నా బడికి ఇంకా టైముంది. మాకన్నా ముందే మొదలయ్యే వాళ్ల హైస్కూలు వైపు నడిచాను. తొమ్మిదో తరగతి గది రోడ్డు వైపే. కిటికీ పక్కన గోడకు దగ్గరగా నిలబడ్డాను. దొంగలా వినడానికి రాలేదు, మాఫీ అడుగుదామనే వచ్చాను. లోపల ఆయన గొంతు వినబడి ఆగాను.

బోర్డు మీద ఆ వర్గాల లెక్కే ఉంది.

"నోట్‌బుక్కులు తీయిన్రి. పోయిన నెల గిది చెప్పిన. వర్గాల మొత్తం సున్నా అయితే ఒక్కోటి సున్నా అన్న. అందుల ఒక మాట నేను చెప్పకుంట ఇడిసిపెట్టిన. ఏ, బీ, సీ హఖీఖీ అదద్ అయితెనే గట్ల. తెలుగుల వాస్తవ సంఖ్యలు. గా మాట పక్కన రాసుకోన్రి."

వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, గిది పరీక్షల వస్తదా?"

"రాదు."

"మరెందుకు సార్?"

"నేను తప్పు చెప్పిన గనక."

గదిలో ఎవరూ నవ్వలేదు. పెన్సిళ్ల చప్పుడు వినిపించింది. మాఫీ అడగాలనుకున్న నేను లోపలికి వెళ్లకుండానే నా బడికి పోయాను. కళ్లు మండుతున్నాయి, దుమ్ము వల్ల కాదు. మధ్యాహ్నం నా తొమ్మిదో తరగతి చేత కూడా ఆ మాట రాయించాను. మా పిల్లలూ అదే ప్రశ్న అడిగారు. నేను "రాసుకోన్రి, రాసుకోమంటుంటె!" అని కసిరాను. ఆయనలా చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి ఆయన బండల మీద కూర్చుని ఉన్నాడు. నేను "సార్, మొన్న..." అనబోయాను.

"కూసో. మాటలు తర్వాత. ఒమేగా యాదికుందా?" అన్నాడు.

ఒమేగా అంటే ఒకటికి ఘనమూలం. ఒకటిని మూడోవంతు చుట్టు తిప్పితే వచ్చే బిందువు. మూడుసార్లు గుణిస్తే మళ్లీ ఒకటి. ఒకటి, ఒమేగా, ఒమేగా వర్గం మూడూ కలిపితే సున్నా. ఆ నాలుగు రోజులూ ఆయన తన పాత ఉర్దూ నోటు పుస్తకాలన్నీ పెట్టెలోంచి తీసి వెతికాడట. చాచీ తర్వాత చెప్పింది.

ఆయన మొదలుపెట్టాడు, నేను అందుకున్నాను. ఆ లెక్కలోని ముక్క మొత్తం రెండు కారణాంకాలుగా విడిపోతుంది. ఏ, ఒమేగా రెట్లు బీ, ఒమేగా వర్గం రెట్లు సీ కలిపింది మొదటిది. ఒమేగాలు రెండూ చోటు మార్చుకున్నది రెండోది. లబ్ధం సున్నా కనక రెంట్లో ఒకటి సున్నా కావాల్సిందే. మొదటిది సున్నా అనుకో. అందులో ఏ పక్కనున్న ఒకటికి బదులు మైనస్ ఒమేగా, మైనస్ ఒమేగా వర్గం వేసి సర్దితే, బీ మైనస్ ఏ అనేది సీ మైనస్ ఏకు మైనస్ ఒమేగా రెట్లు.

"మైనస్ ఒమేగా అంటె?" అన్నాడు.

చింతగింజ జరిపాను. ఒమేగాకు సరిగ్గా ఎదురు బిందువు. ఒకటి నుంచి కిందికి అరవై డిగ్రీలు. దూరం మారలేదు.

"అంటె ఒక భుజాన్ని అరవై డిగ్రీలు తిప్పితె ఇంకో భుజం! పొడుగు గదే! సార్, మధ్యల కోణం అరవై, రెండు భుజాలు సమానం!" నేను లేచి నిలబడ్డాను. రెండో కారణాంకం సున్నా అయితే ఇదే కథ, కాకపోతే పైకి తిరుగుతుంది. అబ్బ, ఆ సంతోషం! ఆయన కూడా చేతులు దులుపుకుని నవ్వాడు. అప్పుడు మాఫీ అడిగాను. "నువ్వు అరిచినవు గనక పుస్తకాలు తీసిన. లేకుంటె నేను తీద్దునా?" అన్నాడు.

సెప్టెంబరు ముసురులో హైదరాబాదు వెళ్లి పరీక్ష రాశాను. పేపరు చేతికి రాగానే రెండు లెక్కలూ కనబడ్డాయి. సమబాహు త్రిభుజాన్ని ఒమేగాతో శుభ్రంగా రాశాను. రెండోది సున్నా, నాలుగు, మూడు ప్లస్ మూడు ఐ, ఒకటి ప్లస్ మూడు ఐ, ఈ నాలుగు బిందువులూ ఒకే వృత్తం మీద ఉన్నాయని చూపించాలి. పైన మైనస్ పద్దెనిమిది, కింద మైనస్ పది. తొమ్మిది బై అయిదు. 'ఐ' లేదు.  ఇంకా మూడు లెక్కలున్నాయి, గంట కొట్టేస్తారేమోనని పేజీ తిప్పాను.

మూడు నెలలకు రిజల్ట్ పేపర్లో నా నంబరు చూసుకున్నరోజు హెడ్మిస్ట్రెస్ దగ్గరికి ముందు పోలేదు, నేరుగా సార్ ఇంటికి పరిగెత్తాను. చాచీ నా బుగ్గలు నిమిరి, చక్కెర కోసం లోపలికి పోయింది. సార్ మార్కులు అడగలేదు.

"దాయిరా లెక్క వచ్చిందా?"

"వచ్చింది సార్! తొమ్మిది బై అయిదు. మామూలు సంఖ్య. ఒకే వృత్తం మీద ఉన్నయని రాసిన."

"సీదా గీత మీద లేవని రాసినవా?"

 రాయలేదు. సున్నా, నాలుగు అడ్డగీత మీద ఉన్నాయి, మూడు ప్లస్ మూడు ఐ లేదు, కనక రేఖ కాదు. ఒక్క వాక్యం. నేను పేజీ తిప్పేశాను.

"పాసైన గదా సార్!" అన్నాను, కోపంగానే.

"నువ్వు పాసైనవు. గా లెక్క పాస్ కాలే." ఆయన పలక తెచ్చి నా ముందు పెట్టాడు. "రాయి."

చాచీ చక్కెర గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగింది. నేను బండ మీద కూలబడి, మొదటి నుంచి మొత్తం రాశాను. ఆ వాక్యం కూడా. ఆయన చాక్‌పీసుతో పక్కన రైటు కొట్టి, పలకను నా చేతికే ఇచ్చాడు.

"నువ్వు గీ ముక్క మూడు నెలలే ఇడిసినవు బిడ్డా. నేను నా ముక్క ముప్పై ఏండ్లు ఇడిసిన. గా పిలగాళ్లందర్ని యాడ ఎతుకుత?"